మామయ్యకి నొప్పి ప్యాచ్ మత్తు ఎక్కువైంది, ముక్కులో స్ప్రే కొట్టాం. మేం చేసింది సరేనా?

సీతాఫల్‌మండి_కోడలు:
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా మామయ్యకి 71 ఏళ్ళు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది. ఆరు నెలలుగా ఫెంటనిల్ ప్యాచ్ వాడుతున్నారు, గంటకి 50 మైక్రోగ్రాములది, మూడు రోజులకోసారి మార్చేది. డల్లాస్‌లో ఉండే మా మరిది పోయినసారి వచ్చినప్పుడు "ప్యాచ్ ఉన్న ఇంట్లో ఇది ఉండాలి వదినా" అని ఈ నొప్పి మందు ఎక్కువైతే విరుగుడుగా కొట్టే నలోక్సోన్ స్ప్రే పెట్టె ఒకటి ఇచ్చి వెళ్ళాడు. అందులో రెండు స్ప్రేలు ఉంటాయి. బీరువాలో పడేసి మర్చిపోయాం.

పోయిన ఆదివారం చలిగా ఉందని, నడుము లాగుతోందని ఆయన వీపు కింద వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని పడుకున్నారు. సాయంత్రం ఆరున్నరకి టీ ఇద్దామని వెళ్తే పెద్దగా గురక. గురకంటే మామూలు గురక కాదు, హుక్కాలో నీళ్ళు గరగరలాడినట్టు. అత్తయ్య "పాపం, ఇన్నాళ్ళకి నిద్ర పట్టింది, లేపకు" అన్నారు. నేనూ తిరిగి వచ్చేసేదాన్నే. కానీ పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. పిలిస్తే పలకలేదు, గట్టిగా కుదిపినా కదల్లేదు. కనురెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు మధ్యలో చుక్క ఆవగింజంత ఉంది.

నేను 108కి ఫోన్ చేశాను. మా ఆయన రెండు దిండ్లు వేసి మామయ్యని కూర్చోబెట్టినట్టు ఆనించి స్ప్రే కొట్టారు. ఏమీ కాలేదు. మూడు నిమిషాలకి పడుకోబెట్టి రెండోది రెండో ముక్కులో కొట్టారు. ఇంకో రెండు నిమిషాలకి పెద్దగా ఊపిరి తీసుకుని కళ్ళు తెరిచారు. తెరిచిన వెంటనే వాంతి, నొప్పితో కేకలు. ఏడు దాటాక అంబులెన్స్ వచ్చింది.

ఆసుపత్రిలో "బాగానే ఉన్నారు, తీసుకెళ్ళొచ్చు" అని చిన్న డాక్టరు అన్నారు. మేం బిల్లు కట్టే హడావిడిలో ఉండగానే ఎనిమిదిన్నరకి మళ్ళీ మగతలోకి జారిపోయారు. అప్పుడు పరుగులు. ఒకటిన్నర రోజు ఉంచి పంపారు.

నా సందేహాలు మూడు. కూర్చోబెట్టడం తప్పా? రెండోది తొందరపడి కొట్టామా? లేచిన మనిషి మళ్ళీ ఎందుకు పడిపోయారు?

నల్లకుంట_మాస్టారు:
అమ్మా, సమయానికి చూశావు. నాకు తెలిసినంతవరకు ఇది మత్తుకి విరుగుడు, ఏ మత్తయినా దింపుతుంది. కల్లు మత్తయినా, నిద్రమాత్రలయినా. కూర్చోబెట్టడం సరైనదే, పడుకోబెడితే మందు గొంతులో అడ్డం పడుతుంది. రెండో మోతాదుకి మాత్రం పది పదిహేను నిమిషాలైనా ఆగాల్సింది. వయసులో పెద్దాయన, గుండె తట్టుకోవాలి కదా.

బాలానగర్_బన్నీ:
అక్కా, మా వాడికి కూడా ముక్కు స్ప్రే రాశారు, సైనస్‌కి. రోజూ కొడితే అలవాటైపోతుందంటున్నారు. ఇదీ అలాంటిదేనా?

సీతాఫల్‌మండి_కోడలు:
బన్నీ, అది కాదమ్మా. ఇది ముక్కు దిబ్బడకి కాదు.

మత్తుడాక్టరమ్మ:
నేను అనస్థీషియా డాక్టర్‌ని. మా వాళ్ళంతా మత్తు డాక్టర్ అనే అంటారు కాబట్టి ఆ పేరే పెట్టుకున్నాను. మాస్టారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పిన వాటిలో మూడు విషయాలు సరిచెయ్యాలి.

మొదటిది, నలోక్సోన్ అన్ని మత్తులకీ పనిచెయ్యదు. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్, టాపెంటడాల్, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ జాతికి మాత్రమే. ఆ మందులు మెదడులో ఒక చోట అతుక్కుని "ఊపిరి తీసుకో" అనే ఆజ్ఞని నెమ్మదింపజేస్తాయి. నలోక్సోన్ వాటిని అక్కణ్ణుంచి తోసేసి తాను కూర్చుంటుంది. సారా, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు, నిద్రమాత్రలు పట్టుకునే చోటు వేరు. అక్కడ దీనికి పని లేదు. అయితే ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు కొట్టినా నష్టం ఉండదు. ఓపియాయిడ్ లేని ఒంట్లో అది దాదాపు ఏమీ చెయ్యదు.

రెండోది, కూర్చోబెట్టడం. స్పృహ లేని మనిషిని దిండ్లకి ఆనిస్తే తల ముందుకు వాలి గడ్డం ఛాతీని తాకుతుంది. నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోతుంది. కోడలు గారు విన్న గరగర కూడా అలా దారి సగం మూసుకున్న చప్పుడే. దిండు తీసెయ్యాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద ఒక చెయ్యి పెట్టి, తల వెనక్కి వాల్చాలి. గడ్డం ఆకాశాన్ని చూడాలి. అప్పుడే స్ప్రే.

మూడోది, ఆగడం. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెరిపిన పడకపోతే రెండోది కొట్టాల్సిందే, కొత్త స్ప్రేతో, రెండో ముక్కులో. ఊపిరి ఆడని మెదడు పది నిమిషాలు ఎదురుచూడలేదు. కోడలు గారూ, మీ ఆయన చేసింది సరిగ్గా సమయానికే.

ఒక ప్రశ్న. మొదటి స్ప్రే కొట్టినప్పుడు ముక్కు బయట తడి ఏమైనా కనిపించిందా?

సీతాఫల్‌మండి_కోడలు:
అవును మేడమ్! మీసం మీద తడి ఉంది. చెమటేమో అనుకున్నాను.

మత్తుడాక్టరమ్మ:
నాకు అదే అనుమానం. ఆ స్ప్రేలో ఉండే మందు 0.1 మిల్లీలీటరు, రెండు చుక్కలనుకోండి. అందులోనే 4 మిల్లీగ్రాములు. కొన ముక్కు అంచున ఆనించి నొక్కితే సగం మీసానికే పోతుంది. స్ప్రేని చూపుడువేలు, మధ్యవేలు కొనకి రెండు పక్కలా, బొటనవేలు అడుగున ఉండే బటన్ మీద పెట్టి పట్టుకుంటాం కదా. ఆ రెండు వేళ్ళు ముక్కుకి తగిలేదాకా కొన లోపలికి పోవాలి. తర్వాత బొటనవేలితో ఒక్కసారే గట్టిగా నొక్కాలి. నెమ్మదిగా కాదు.

అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు ఇంకోటుంది. "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని ముందు గాల్లోకి ఒకసారి కొట్టడం. దోమల మందు స్ప్రే అలవాటు మనకి. ఇందులో ఉండేది ఒక్క మోతాదే. గాల్లోకి కొడితే అయిపోయినట్టే.

డెంటల్_స్టూడెంట్:
మేడమ్, ఒక పిచ్చి సందేహం. ఊపిరే తీసుకోని మనిషికి ముక్కులో కొడితే మందు లోపలికి ఎలా పీల్చుకుంటారు?

మత్తుడాక్టరమ్మ:
పిచ్చిది కాదు, చాలామంది అడుగుతారు. పీల్చనక్కర్లేదు. ముక్కు లోపలి తడి పొరలోని సన్నని రక్తనాళాల ద్వారానే ఎక్కుతుంది. అందుకే ఊపిరి లేకపోయినా పనిచేస్తుంది. ముక్కు నిండా చీమిడో వాంతో ఉంటే మాత్రం ముందు గుడ్డతో తుడవండి.

ఇక కోడలు గారి మూడో ప్రశ్న, మళ్ళీ మగత ఎందుకొచ్చిందని. ఈ మొత్తం కథలో అసలు ప్రమాదం అక్కడుంది. నలోక్సోన్ బలం అరగంట నుంచి గంటన్నర. ప్యాచ్ సంగతి వేరు. మందు ప్యాచ్‌లోనే కాదు, దాని కింద చర్మంలో కూడా నిల్వ చేరి ఉంటుంది. ప్యాచ్ పీకేసినా రక్తంలో మందు సగానికి తగ్గడానికే ఇంచుమించు 20 గంటలు. మీరు చెప్పినదాన్ని బట్టి 6:50 ప్రాంతంలో రెండోది కొట్టి ఉంటారు, ఎనిమిదిన్నరకి ఆయన పడిపోయారు. లెక్క సరిపోయింది చూడండి. విరుగుడు దిగిపోయింది, విషం అలాగే ఉంది.

ఇంతకీ ప్యాచ్ ఎప్పుడు తీశారు?

సీతాఫల్‌మండి_కోడలు:
సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆసుపత్రిలో రెండోసారి పడిపోయాక నర్సు చొక్కా తీసి చూసి, "ఇదేంటి, ఇంకా వీపు మీదే ఉంది" అంది. అంతసేపూ అక్కడే ఉంది మేడమ్. మేమూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

మత్తుడాక్టరమ్మ:
సిగ్గుపడకండి, ఆ గందరగోళంలో ఎవరికీ గుర్తురాదు. ఇకపై స్ప్రే కొట్టగానే ఒకరు ప్యాచ్ వెతికి పీకాలి. చేతికి కవరో గుడ్డో చుట్టుకుని తీసి, జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి పెట్టాలి. ఆ చోట చల్లని నీళ్ళతో తుడవాలి, వేడినీళ్ళు వద్దు. పాత ప్యాచ్ తియ్యకుండా కొత్తది అంటించి రెండూ ఉన్న కేసులు చూశాను, కాబట్టి ఒళ్ళంతా చూడండి.

కారణం మాత్రం మీ వేడినీళ్ళ బ్యాగే. వేడికి చర్మంలో రక్తప్రవాహం పెరిగి మూడు రోజుల్లో మెల్లగా రావాల్సిన మందు గబగబా ఎక్కేస్తుంది. జ్వరం వచ్చినా అంతే. మీ డాక్టరుకి ఈ బ్యాగు సంగతి చెప్పారా?

హన్మకొండ_రాజు:
డాక్టరమ్మా, నాదొక మాట. మూడేళ్ళ కింద మా చిన్నాయన పురుగుల మందు తాగిండు. ఆయన కంటి చుక్క కూడా గిట్లనే ఆవగింజంత అయింది. గురక, నోట్లో నురగ. ఈ స్ప్రే అప్పుడు ఉంటే బతుకుతుండెనా? అప్పటిసంది నాకు మనసుల అదే తిరుగుతుంది.

మత్తుడాక్టరమ్మ:
రాజు గారూ, లేదు. ఈ స్ప్రే మీ చిన్నాన్నకి ఏమీ చేసేది కాదు. కాబట్టి అది లేదని మనసు కష్టపెట్టుకోవద్దు. పురుగుల మందుల్లో చాలా వాటికి కంటి చుక్క అలాగే చిన్నదవుతుంది, కానీ దారి వేరు. దానికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తారు. తేడా చెప్పాలంటే పురుగుల మందులో ఒళ్ళంతా తడి. చెమట, చొంగ, కన్నీళ్ళు, విరేచనం, మందు వాసన. ఓపియాయిడ్‌లో సాధారణంగా ఆ తడి ఉండదు, మనిషి చల్లబడి నెమ్మదిగా ఆగిపోతున్నట్టు ఉంటాడు. ఇంట్లోవాళ్ళు ఈ తేడా కచ్చితంగా పట్టాలని కాదు. రెండింటికీ 108 ఒకటే.

హన్మకొండ_రాజు:
సరే డాక్టరమ్మ. మంచిది.

పాత_ఈఎంటీ:
నేను 108 బండిలో తొమ్మిదేళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను. ఫోన్ గురించి నాలుగు మాటలు. హైదరాబాదులో ఆలస్యం ఎక్కువగా రోడ్డు మీద కాదు, అపార్ట్‌మెంట్ దగ్గర. గేటు తాళం, వాచ్‌మన్ లేడు, లిఫ్టు పైన ఆగి ఉంటుంది. ఫోన్ పెట్టగానే ఒక మనిషిని కిందికి పంపండి.

ఫోన్‌లో "మా మామయ్యకి బాలేదు" అంటే అవతల పది ప్రశ్నలు వేస్తారు. "స్పృహ లేదు, ఊపిరి సరిగా లేదు, నొప్పి మందు ఎక్కువైంది" అని మొదలుపెట్టండి. తర్వాత అడ్రస్, దగ్గర్లో గుడో సినిమా హాలో ఏదో గుర్తు. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేసి స్ప్రే పని చూడండి. ఇద్దరుంటే రెండూ ఒకేసారి.

కాగితం మీద స్ప్రే కొట్టిన టైము రాయండి. మొదటిది ఎప్పుడు, రెండోది ఎప్పుడు. ఖాళీ స్ప్రేలు, ప్యాచ్ కవరు బండిలోకి తెండి. నేను చేసినప్పుడు ఒకామె లిప్‌స్టిక్‌తో భర్త నుదుటి మీద టైము రాసింది. నవ్వు వచ్చింది కానీ నాకు కావాల్సింది దొరికింది.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
పేరు చెప్పలేను. నా రూమ్మేట్ టాపెంటడాల్ మాత్రలు వాడతాడు, వీకెండ్‌లో బీరుతో. ఒకసారి పక్క మీద నీలంగా కనిపించాడు. నీళ్ళు కొడితే లేచాడు. మళ్ళీ అలా అయితే నేనేం చెయ్యాలి? 108కి చేస్తే పోలీసులు వస్తారా? గుడ్ సమారిటన్ చట్టం ఉందిగా, మనల్ని ఏమీ అనకూడదు అంటున్నాడు ఒక ఫ్రెండ్.

నల్లకుంట_మాస్టారు:
ఉంది బాబూ. సాయం చేసినవాణ్ణి వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు.

కోర్టు_గుమాస్తా:
మాస్టారూ, మీరే చెప్పారు చూడండి, మోటారు వాహనాల చట్టం అని. అది రోడ్డు ప్రమాదాలకి. ఇంట్లో మాత్రలు మింగినవాడికి వర్తించదు. మాదకద్రవ్యాలకి సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, వ్యసనపరుడు తానుగా చికిత్సకి వస్తే కొంత రక్షణ. రూమ్మేట్ ఫోన్ చేస్తే ఏమవుతుందో అందులో లేదు. ఆసుపత్రి వాళ్ళు ఎమ్మెల్సీ, అంటే పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు, రాయొచ్చు, అప్పుడు పోలీసు వచ్చి స్టేట్‌మెంట్ అడగొచ్చు. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వలేను.

పాత_ఈఎంటీ:
తమ్ముడూ, మేం బండిలో వచ్చేది ఊపిరి చూడ్డానికి, జేబులు చూడ్డానికి కాదు. పోలీసు వస్తాడేమోనని స్నేహితులు పారిపోయి మనిషి ఒక్కడే తలుపేసి ఉన్న గదులు చూశాను. అంతకన్నా చెప్పను.

మత్తుడాక్టరమ్మ:
నీళ్ళు కొడితే లేచాడంటే ఆ రోజు అదృష్టం. లేవనినాడు ఉంటుంది. బీరు కలిసినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకో: స్ప్రే కొడితే టాపెంటడాల్ వాటా మాత్రమే దిగుతుంది, బీరు మత్తు అలాగే ఉంటుంది. అంటే ఊపిరి మెరుగుపడుతుంది కానీ మనిషి లేవకపోవచ్చు. "లేవలేదు" అని ఒకదాని వెనక ఒకటి కొట్టుకుంటూ పోకు. నువ్వు చూడాల్సింది కళ్ళు కాదు, ఊపిరి. పొట్ట మీద చెయ్యి పెట్టి అర నిమిషం లెక్కపెట్టు. ఆరేడు వస్తే చాలు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ కోసం చూడు. రెండు మూడే వస్తే రెండో స్ప్రే. అసలే లేకపోతే ముక్కు మూసి నోట్లోకి అయిదారు సెకన్లకోసారి ఊదాలి. నాడి కూడా లేదనిపిస్తే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, 108లో ఫోన్ మీదే చెప్తారు.

పక్కకి తిప్పడమంటే పై కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెట్టడం, పై చెయ్యి చెంప కింద. స్ప్రే తర్వాత వాంతి రావడం మామూలు, వెల్లకిలా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు దయచేసి చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. తగిలే వస్తువులు పక్కకి జరపండి చాలు.

లేచాక అతనికి ఒళ్ళంతా చిరాకుగా ఉంటుంది, ఇంకో మాత్ర వేసుకోబోతాడు. వెయ్యనివ్వకు. మానాలనిపించిన రోజు 14446 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమను, డబ్బులేమీ అక్కర్లేదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
థాంక్స్ మేడమ్. ఆ స్ప్రే మా దగ్గర మెడికల్ షాపులో అడిగాను. నలుగురికి తెలియదు, ఒకతను నాజల్ డ్రాప్స్ ఇచ్చాడు.

మత్తుడాక్టరమ్మ:
అదీ మన బాధ. ఆసుపత్రుల్లో నలోక్సోన్ ఉండేది ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలో, 400 మైక్రోగ్రాముల ఆంపూల్. స్ప్రే లేకపోయినా తల వెనక్కి వాల్చడం, ఊదడం, 108 ఈ మూడూ నీ చేతిలోనే ఉన్నాయి.

ఇంటింటి_నర్సు:
నేను పాలియేటివ్ కేర్‌లో ఇళ్ళకి తిరిగే నర్సుని. నాకు ఒక అభ్యంతరం ఉంది. "ప్యాచ్ ఉన్న ప్రతి ఇంట్లో స్ప్రే" అన్న మరిది గారి మాట నాకు భయం వేస్తుంది. చివరి రోజుల్లో ఉన్న మనిషి ఊపిరి సహజంగానే నెమ్మదిస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు 4 మిల్లీగ్రాములు కొట్టేస్తే నొప్పి మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. కోడలు గారు చెప్పిన ఆ కేకలు నేను విన్నాను, మర్చిపోలేను.

మత్తుడాక్టరమ్మ:
మీరన్నది నిజం. ఆసుపత్రిలో అయితే మేం ఆ ఆంపూల్‌ని 10 మిల్లీలీటర్లకి పలచన చేసి, ఒకటి రెండు మిల్లీలీటర్లు ఇచ్చి ఊపిరి చూసి ఆపేస్తాం. ఊపిరి రావాలి, నొప్పి రాకూడదు, ఆ మధ్యలో నడిపిస్తాం. స్ప్రేకి ఆ మధ్య లేదు. కానీ ఈ మామయ్య నడుము లాగుతోందని తానే వేడినీళ్ళ బ్యాగు పెట్టుకున్న మనిషి, సాయంత్రానికి నీలమయ్యాడు. ఇది చివరి దశ కాదు, ప్రమాదం.

ఇంటింటి_నర్సు:
ఆ తేడా నాకు తెలుసు, మీకు తెలుసు. రాత్రి రెండు గంటలకి భయపడ్డ కొడుక్కి తెలుస్తుందా? ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు వద్దు అన్నది ముందే మీ డాక్టరుతో కూర్చుని రాయించుకోని ఇంట్లో స్ప్రే ఉండకూడదనే అంటాను.

మత్తుడాక్టరమ్మ:
రాయించుకోవాలన్నది ఒప్పుకుంటాను. లేకపోతే ఉండకూడదన్నది ఒప్పుకోలేను.

బాలానగర్_బన్నీ:
ఎండాకాలం కారులో పెట్టుకోవచ్చా ఇది?

మత్తుడాక్టరమ్మ:
వద్దు బన్నీ. పెట్టె మీద 25 డిగ్రీల లోపు అని ఉంటుంది, 40 దాకా కొద్దిసేపు ఓర్చుకుంటుంది. మేలో మన కారు అంతకు మించుతుంది. గడ్డకట్టకూడదు కాబట్టి ఫ్రీజర్లోనూ వద్దు.

సీతాఫల్‌మండి_కోడలు:
అందరికీ థాంక్స్. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి వేడినీళ్ళ బ్యాగు సంగతి చెప్పాం. ప్యాచ్ ఒక మెట్టు తగ్గించి, నొప్పి ఎక్కువైతే వేసుకోడానికి వేరే మాత్ర రాశారు. నర్సు గారు అన్నట్టు ఎప్పుడు స్ప్రే, ఎప్పుడు వద్దు అని రాసివ్వమంటే "ఆలోచించి చెప్తా" అన్నారు, ఇంకా ఇవ్వలేదు. మరిది వచ్చే నెల వచ్చేవాళ్ళతో ఇంకో పెట్టె పంపుతానన్నాడు.

అత్తయ్య ఇప్పుడు రాత్రి రెండుసార్లు లేచి మామయ్య పొట్ట మీద చెయ్యి పెట్టి లెక్కపెడుతున్నారు. నిన్న రాత్రి పదకొండు దాకా లెక్కపెట్టేసరికి ఆయన కళ్ళు తెరవకుండానే, "పన్నెండు. ఇక పడుకోవే" అన్నారట.